మా ఇద్దరి నడుములకు మూడు దేశాలు మూడు తీర్పులు ఇచ్చాయి. ఏది నమ్మాలి?

కోటవీధి మాస్టారు (విజయనగరం)

అందరికీ నమస్కారం. నాకు 61 ఏళ్లు, మా ఆవిడకు 56. పైడితల్లమ్మ సిరిమాను పండుగకు వచ్చిన మా కోడలు పట్టుబట్టి మమ్మల్నిద్దరినీ ఇక్కడే ఒక పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లింది. వాళ్లిచ్చిన కాగితంలో నా నడుము చుట్టుకొలత 92 సెంటీమీటర్లు అని రాసి, పక్కన ఎర్ర సిరాతో "పొట్ట ఊబకాయం" అన్నారు. మా ఆవిడది 84. ఆమెకూ అదే ఎర్ర సిరా.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. వేసవిలో మేం బర్మింగ్‌హామ్‌లో అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు అక్కడి నర్సమ్మ కూడా టేపు పెట్టి చూసింది. నాది అప్పుడూ 92. మగవారికి 94 దాటితేనే చింత, మీరు బాగున్నారంది. మా ఆవిడను మాత్రం 80 దాటారు, జాగ్రత్త అంది. ఈ రెండు కాగితాలూ ఫోనులో అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపిస్తే, వాళ్ల పట్టికలో మగవారికి 102, ఆడవారికి 88 అని ఉంది, ఇద్దరూ నిశ్చింతగా ఉండండి అని రాసింది.

మనిషి అదే, నడుము అదే. ఒక ఊళ్లో రోగి, ఇంకో ఊళ్లో పహిల్వాను. ఇది ఎలా కుదురుతుంది? ఇంకో చిక్కు కూడా ఉంది. మగవాళ్ల అంకె అక్కడ 94, ఇక్కడ 90. ఆడవాళ్ల అంకె మాత్రం రెండు చోట్లా 80 ఎందుకు? ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడిని, ఈ లెక్క మాత్రం కుదరడం లేదు.

---

గంటస్తంభం (విజయనగరం)

మాస్టారూ, ఇందులో ఏముంది? మనవాళ్లు ఒడ్డూ పొడుగూ తక్కువ, ఎముక సన్నం. అందుకని తెల్లవాళ్ల అంకెలోంచి నాలుగు తీసేశారు. 94లో నాలుగు పోతే 90. ఆడవాళ్ల శరీరం ఎక్కడైనా ఒకటే కాబట్టి 80ని ముట్టుకోలేదు. అమెరికావాళ్లు భారీ మనుషులు, వాళ్ల అంకె మనం చూడనే కూడదు.

నా ప్యాంటు 34. అంటే 86 సెంటీమీటర్లు. పదిహేనేళ్లుగా అదే సైజు. కాబట్టి నాకు ఈ బాధ లేదు.

---

రాజాం కుట్టుమిషను

పెద్దలు క్షమించాలి, వైద్యం నాకు తెలియదు. టేపు గురించి మాత్రం తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లుగా మెడలో వేసుకుని తిరుగుతున్నది అదే.

ప్యాంటు సైజు నడుము కొలత కాదు బాబూ. ప్యాంటుకు టేపు పెట్టేది బెల్టు నిలబడే చోట. పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు పొట్ట మీద నిలవదు, కిందికి జారి తుంటి ఎముక మీద కూర్చుంటుంది. అక్కడ ఎముకే తప్ప కండ పెద్దగా పెరగదు కాబట్టి సైజు మారదు. చొక్కాకు తీసే పొట్ట కొలత వేరే. నా కొలతల పుస్తకంలో ఒక ఖాతాదారు ఉన్నాడు. 2009లో ప్యాంటు 34, చొక్కా పొట్ట 36. నిరుడు సంక్రాంతికి ప్యాంటు మళ్లీ 34, చొక్కా పొట్ట 41. ఆయన కూడా మీలాగే సైజు మారలేదని సంబరపడుతుంటాడు. మారింది ప్యాంటు ముందు భాగం వంపు. ముందు కిందికి, వెనక పైకి కుట్టాల్సి వస్తోంది.

ఇంకొక మాట. గుడ్డ టేపు వాడకంలో సాగుతుంది. మూడేళ్లు వాడిన నా టేపును ఇనుప స్కేలు పక్కన పరిచి చూస్తే మీటరుకు సెంటీమీటరు పైన తేడా వచ్చింది. సాగిన టేపు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. చొక్కాకు పరవాలేదు, ఎలాగూ వదులు వదులుతాం. మీ ఎర్ర సిరాకు మాత్రం సెంటీమీటరు ముఖ్యమేమో కదా.

---

తూనికరాయి (శ్రీకాకుళం)

నేను చాలాకాలం సామాజిక వైద్య విభాగంలో పాఠాలు చెప్పాను. మాస్టారి ప్రశ్నలో అసలు ముడి రెండో భాగంలో ఉంది. ఆడవాళ్ల 80 రెండు చోట్లా ఎందుకు ఒకటే అన్నది. దాన్ని విప్పితే మిగతాదంతా విడిపోతుంది.

ఐరోపా అంకెలు ఎక్కడ పుట్టాయో చూద్దాం. 1995లో గ్లాస్గోలో మైకేల్ లీన్ బృందం దాదాపు రెండు వేల మంది స్త్రీ పురుషులను కొలిచింది. గుండెపోటుకు నేరుగా గీత గీయలేదు వాళ్లు. ఎత్తుతో బరువును పోల్చే బీఎంఐ 25 దగ్గర ఉన్న మనిషి నడుము ఎంత ఉంటుంది, 30 దగ్గర ఉన్న మనిషిది ఎంత ఉంటుంది అని చూశారు. మొదటిదానికి మగవారిలో 94, ఆడవారిలో 80 వచ్చాయి. రెండోదానికి 102, 88 వచ్చాయి. అంటే ఇవి రెండు మెట్లు. మొదటి మెట్టు దాటినవారు ఇక బరువు పెరగకుండా చూసుకోవాలి, రెండోది దాటినవారు తగ్గాలి అన్నది వారి సలహా.

ఇప్పుడు మీ మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టండి. బర్మింగ్‌హామ్ నర్సమ్మ చెప్పినది గ్లాస్గో మొదటి మెట్టు. అమ్మాయి పంపిన పట్టిక గ్లాస్గో రెండో మెట్టు. అమెరికా కొలెస్టరాల్ నిపుణుల సంఘం 2001లో దానినే ఎత్తుకుంది. ఆ రెండు దేశాల మనుషుల్లో తేడా ఉండి కాదు, ఒకే నిచ్చెనలో వేర్వేరు మెట్లు పట్టుకున్నారు.

మన నిచ్చెన వేరు. 2009లో మన దేశ నిపుణులు కలిసి ఒక ఏకాభిప్రాయ పత్రం రాశారు. అందులోనూ రెండు మెట్లున్నాయి. మొదటిది మగవారికి 78, ఆడవారికి 72. రెండోది 90, 80. మీ ఊరి పరీక్షా కేంద్రం కాగితంలో ఎర్ర సిరా పడింది ఈ రెండో మెట్టు మీద.

ఇప్పుడు చూడండి. మీ ఆవిడ విషయంలో బర్మింగ్‌హామ్‌లోనూ 80, ఇక్కడా 80. అంకె ఒకటే గానీ అక్కడ అది కింది మెట్టు, ఇక్కడ పై మెట్టు. అక్కడ "పెరగకండి" అనే చోట ఇక్కడ "తగ్గండి, వైద్యుడికి చూపించండి" అంటున్నారు. కాబట్టి ఆడవాళ్ల శరీరం ఎక్కడైనా ఒకటే అన్న గంటస్తంభం గారి మాట నిలవదు. పై మెట్టును పై మెట్టుతో పోలిస్తే మగవారిలో తేడా 12, ఆడవారిలో 8. నాలుగు తీసేయడం కాదు.

---

గంటస్తంభం

తూనికరాయి గారూ, మీరు చెప్పిన నిచ్చెన బాగుంది. కానీ నేను గాలిలోంచి నాలుగు తీయలేదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య పట్టిక నేను కళ్లారా చూశాను. ఐరోపావారు 94, 80. దక్షిణాసియావారు 90, 80. ఒకదాని కింద ఒకటి, ఒకే పట్టికలో, ఒకే అర్థంతో. మెట్ల ఊసే లేదు. దానికేమంటారు?

(ప్యాంటు విషయంలో టైలరు గారికి నమస్కారం. ఇంట్లో టేపు పెట్టి చూశాను. అంకె ఇక్కడ రాయను.)

---

తూనికరాయి

అంటాను. మీరు చూసింది నిజమే. ఆ సమాఖ్య 2005లో జీవక్రియ రుగ్మతల ముఠాను, అదే మెటబాలిక్ సిండ్రోమ్‌ను, నిర్వచిస్తూ ఒక్కో జాతికి ఒక్క అంకె కావాలనుకుంది. ఐరోపావారికి కింది మెట్టు తీసుకుంది, మనకు 90, 80 తీసుకుంది, రెండిటినీ ఒక వరసలో పెట్టింది. ఆ పట్టిక చదివినవాళ్లకు మనకూ వాళ్లకూ తేడా మగవారిలో నాలుగే, ఆడవారిలో సున్నా అనిపించడం సహజం. మన 2009 పత్రం చదివినవాళ్లకు వేరే అనిపిస్తుంది. రెండూ అచ్చులో ఉన్నాయి. నా ఓటు రెండో దానికి. ఎందుకంటే ఐరోపా 94 అంటే బీఎంఐ 25 దగ్గరి మనిషి. మనవాళ్లలో 90 సెంటీమీటర్ల నడుమున్న మగవాడికి మధుమేహం వచ్చే అవకాశం అంతకన్నా ఎక్కువే. కానీ ఇది తేలిపోయిన తగాదా అని చెప్పను.

ఆ పట్టికలో మీరు గమనించాల్సిన ఇంకో వాక్యం ఉంది. ఈ అంకెలు మనిషి వంశాన్ని బట్టి గానీ, ఉంటున్న దేశాన్ని బట్టి కాదని అందులోనే రాశారు. కాబట్టి మాస్టారు బర్మింగ్‌హామ్‌లో ఉన్నా, విజయనగరంలో ఉన్నా ఆయనకు 90యే. విమానం ఎక్కితే నడుము మారదు కదా. నర్సమ్మ చేతిలో ఉన్న కాగితం ఆయన కోసం అచ్చు వేసింది కాదు.

---

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

నాకు 29. ఎత్తు 170, బరువు 65. బీఎంఐ 22.5. నడుము 88 వస్తోంది. చేతులు, కాళ్లు అగ్గిపుల్లల్లా ఉంటాయి. స్నేహితులు నన్ను బక్కపలచని వాడంటారు. నాకూ ఈ అంకెలు వర్తిస్తాయా? బరువు సరిగా ఉంటే నడుముతో ఏం పని? ఎముక సన్నం అనే మాట కాక వేరే కారణం ఏదైనా ఉందా?

---

తూనికరాయి

బాబూ, నీ ప్రశ్నకు ఒక ఫొటో జవాబు చెబుతుంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యులు పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో అచ్చయింది. ఒకరు పుణేకు చెందిన సి.ఎస్. యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. శరీరంలో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌ది 9.1 శాతం, యాజ్ఞిక్‌ది 21.2 శాతం. తక్కెడ ఒకే బరువు చూపింది, లోపలి సరుకు వేరు. చేతులూ కాళ్లలో కండ తక్కువ, నడుము చుట్టూ కొవ్వు ఎక్కువ. నీ వర్ణన అచ్చంగా అదే.

కారణం ఎముక కాదు. కొవ్వు దాచుకోవడానికి మనకు రెండు గదులున్నాయనుకో. ఒకటి చర్మం కింద ఉండేది. అందులో ఎంత నింపినా పెద్దగా గోల చేయదు. రెండోది కడుపు లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో. అక్కడ చేరిన కొవ్వు నేరుగా కాలేయాన్ని తాకి ఇన్సులిన్ మాట విననివ్వదు. మనవాళ్లలో మొదటి గది చిన్నదనీ, అది త్వరగా నిండి రెండో గదిలోకి పొంగుతుందనీ ఒక బలమైన ఊహ ఉంది. ఊహ అని ఎందుకంటున్నానంటే గది చిన్నదెందుకైందో అన్నదాని మీద ఇంకా వాదాలున్నాయి. అదే నడుము దగ్గర మనకు కాలేయంలోనూ పేగుల చుట్టూనూ కొవ్వు ఎక్కువ ఉంటుందన్నది మాత్రం కొలిచి చూసిన సంగతి.

టేపుకు రెండు గదులూ కలిపి ఒకే చుట్టు. ఏది ఎంతో చెప్పలేదు. అందుకే నీలాంటి సన్నని వాడికి బీఎంఐ కన్నా నడుము ఎక్కువ చెబుతుంది. 78 దాటావు, 90 దాటలేదు. కింది మెట్టు మీద ఉన్నావు.

---

రెల్లివీధి రాజు (విజయనగరం)

ఈ టేపులూ పట్టికలూ ఎందుకండీ. మా తాత చెప్పేవాడు, మొలతాడు బిగిస్తే తిండి తగ్గించు అని. మొలతాడే మన టేపు. పుట్టినప్పటినుంచీ ఒంటి మీద ఉంటుంది, అబద్ధం చెప్పదు.

---

రాజాం కుట్టుమిషను

రాజు గారూ, మొలతాడు కూడా ప్యాంటులాగే జారుతుంది. పొట్ట ముందుకొస్తే తాడు దాని కిందికి దిగి తుంటి మీద వదులుగానే ఉంటుంది. బిగించే దాకా ఆగితే చాలా ఆలస్యం. పైగా బిగిసినప్పుడల్లా ముడి విప్పి పొడుగు చేసుకునేవాళ్లే ఎక్కువ. తాత గారి మాట మంచిదే, తాడు మాత్రం తప్పుచోట ఉంది.

---

ఏఎన్ఎం (గజపతినగరం దగ్గర)

నేను ఊళ్లలో ముప్పై దాటినవాళ్లకు ఆశా కార్యకర్తతో కలిసి ఫారం నింపుతాను. వయసు, పొగాకు, మద్యం, నడుము, నడక, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు ఉన్నాయా అని మార్కులు వేస్తాం. నడుముకు ఆడవాళ్లయితే 80 దాకా సున్నా, 90 దాకా ఒకటి, 90 దాటితే రెండు. మగవాళ్లకు అదే వరస 90 దగ్గర, 100 దగ్గర. మొత్తం మార్కులు నాలుగు దాటినవాళ్లను ముందుగా పరీక్షకు పంపిస్తాం. కాబట్టి మా ఫారంలో ఐరోపా అంకె లేదు, మన అంకెలే.

కానీ అంకె కన్నా పెద్ద తంటా టేపు పెట్టడం. మాస్టారి ఆవిడ గారికి ఎక్కడ పెట్టారో అడగండి. ఊళ్లో ఆడవాళ్లు చీర మీదే పెట్టమంటారు. కుచ్చిళ్లు లోపల ఉంటాయి, లంగా నాడా మందం ఉంటుంది. చీర మీద పెడితే మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. మొన్న ఒక అమ్మను మొదట చీర మీద కొలిస్తే 85. తలుపు వేసి, కుచ్చిళ్లు వదులు చేసి, నాడా గుర్తు పడిన గీతకు పైన పెడితే 81.

నాడా గీత దగ్గర పెట్టడం ఇంకో తప్పు. ఏళ్ల తరబడి నాడా బిగించి కట్టిన చోట ఒళ్లు నొక్కుకుపోయి ఉంటుంది. అక్కడ తక్కువ వస్తుంది. బొడ్డు దగ్గర పెట్టినా సరిగా రాదు, పొట్ట జారినవారికి బొడ్డు కూడా జారుతుంది. మాకు శిక్షణలో చెప్పింది ఇది: పక్కకు చేయి పెట్టి చివరి పక్కటెముక అంచు తడుముకోవాలి, తరువాత తుంటి ఎముక పైఅంచు తడుముకోవాలి, రెండింటికీ సరిగ్గా మధ్యన టేపు. పాదాలు దగ్గరగా, చేతులు పక్కన. ఊపిరి మామూలుగా వదిలాక చదవాలి. కడుపు లోపలికి లాగొద్దు అంటే అందరూ లాగుతారు. అందుకే నేను ముందు వాళ్ల పిల్లల కబుర్లు అడుగుతాను, మాట్లాడుతుండగా చదివేస్తాను.

---

జీడితోట పిల్ల (పలాస)

అక్కా, నాది వేరే ఊరు అయినా అడగవచ్చా? నాకు బాబు పుట్టి మూడు నెలలు. జీడిపప్పు బట్టీకి వెళ్లే రోజుల్లో నడుము ఎంతో నాకు తెలియదు. ఇప్పుడు 86. ఇక్కడ 80 దాటితే డాక్టరుకు చూపించాలని చదివి భయమేసింది. అత్తమ్మ నడికట్టు బిగించి కట్టుకోమంటోంది. కట్టుకుంటే 80 లోపు వస్తుందా?

---

ఏఎన్ఎం

చెల్లెమ్మా, ఈ అంకెలు నీకు ఇప్పుడు కాదు. గర్భంతో ఉన్నప్పుడూ, ప్రసవమైన కొత్తలోనూ నడుము కొలిచి మార్కులు వేయం. కట్టు కట్టుకున్నా లోపలి కొవ్వు తగ్గదు, కట్టు తీయగానే అదే కొలత. కాన్పులో షుగరు ఉందన్నారా నీకు? ఉంటే నడుము సంగతి పక్కన పెట్టి రక్తపరీక్ష చేయించుకో. అది మాత్రం వాయిదా వేయకు.

---

జీడితోట పిల్ల

ఏడో నెలలో గ్లూకోజు తాగించి చూశారు, ఎక్కువ ఉందన్నారు. కాన్పు తరువాత మళ్లీ ఎవరూ అడగలేదు అక్కా. ఈ వారమే వెళ్తాను.

---

కోటవీధి మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. నిచ్చెన అర్థమైంది. అయినా నా మనసులో ఒక మాట ఉండిపోయింది. నేను 90 దాటానా, 94 దాటలేదా అన్నదాని వల్ల నిజంగా ఏం మారుతుంది? నా రక్తపరీక్ష ఇదీ. ట్రైగ్లిజరైడ్లు 178, మంచి కొలెస్టరాల్ 43, బీపీ 134/82, పరగడుపున చక్కెర 97. మందులేవీ వాడడం లేదు. ఎత్తు 168, బరువు 68.

మా ఆవిడవి వరసగా 118, 54, 116/74, 91. ఆమె ఎత్తు 152.

---

తూనికరాయి

మాస్టారూ, మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కలాగే చేద్దాం.

2009లో పెద్ద సంస్థలన్నీ కలిసి ఒప్పుకున్న పద్ధతిలో ఐదు అంశాలుంటాయి. నడుము, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్టరాల్, బీపీ, చక్కెర. ఐదింటిలో ఏ మూడు గీత దాటినా ఆ ముఠా ఉన్నట్టే. మీ ట్రైగ్లిజరైడ్లు 150 దాటాయి, ఒకటి. మంచి కొలెస్టరాల్ మగవారికి 40 లోపు ఉంటే చెడు, మీది 43, లెక్కకు రాదు. బీపీలో పై అంకె 130 దాటితే చాలు, రెండు. చక్కెర 100 దాటలేదు. ఇక మిగిలింది నడుము. మన గీత 90తో చూస్తే మూడోది అదే, మీకు మెటబాలిక్ సిండ్రోమ్ ఉంది. 94తోనో 102తోనో చూస్తే రెండే, లేదు. ఒక్క గీత మొత్తం తీర్పును తిప్పేసింది.

సమాఖ్య 2005 పద్ధతి ఇంకా కఠినం. అందులో నడుము తప్పనిసరి ప్రవేశపత్రం. అది లేకపోతే మిగతా అంకెలెలా ఉన్నా లోపలికి రానివ్వరు. ఐరోపా గీత పెట్టి చూసే వైద్యుడు మీ ట్రైగ్లిజరైడ్లనూ బీపీనీ విడివిడిగా చూసి "కాస్త ఎక్కువే" అని వదిలేయవచ్చు. మన గీతతో చూసినవారు మూడిటినీ కలిపి చదువుతారు. తేడా అక్కడ.

ఇక మీరడిగింది, నిజంగా ఏం మారుతుంది అని. నిజం చెప్పాలంటే పేరు మారుతుంది. మీ 178, మీ 134 అవి ఏ గీతతోనూ మారవు, అవి ఈ రోజు కూడా మీ దగ్గరే ఉన్నాయి. వాటి సంగతి మీ వైద్యుడితో మాట్లాడాల్సిందే, నడుము 89 ఉన్నా సరే.

మీ ఆవిడ సంగతి తిరగేసి ఉంది. 84తో గీత దాటారు, మిగతా నాలుగూ చక్కగా ఉన్నాయి. ఆమెకు ఐదింటిలో ఒకటే. ఎర్ర సిరా చూసి బెంగపడాల్సిన పని లేదు, అలాగని వదిలేయాల్సిందీ కాదు. రెండు మూడేళ్ల తరువాత అదే నడుముతో మిగతావి కదలవచ్చు.

---

ఉద్దానం వాడిని (కంచిలి)

ఒక అనుమానం. మాస్టారు 168, నేను 155. ఇద్దరికీ 90యేనా? నా ఎత్తుకు 88 సెంటీమీటర్లుంటే చూడటానికే పీపాలా ఉంటాను. పైగా ఇక్కడ మా వైపు కిడ్నీ జబ్బులున్నవాళ్లకు కడుపులో నీరు చేరుతుంది. వాళ్ల నడుము పెద్దదై ఉంటుంది, ఒంట్లో కొవ్వేమో ఉండదు. టేపు వాళ్లనూ ఊబకాయం అంటుందా?

---

తూనికరాయి

రెండో ప్రశ్నకు ముందు చెబుతాను. అంటుంది, తప్పుగా అంటుంది. కడుపులో నీరు, పెద్ద హెర్నియా, కడుపులో గడ్డ ఉన్నవారికి ఈ కొలత పనికిరాదు. నీరు చేరిన కడుపు కొన్ని రోజుల్లో, వారాల్లో పెరుగుతుంది. కాళ్లు కూడా వాచి ఉంటాయి, నొక్కితే గుంట పడుతుంది. కొవ్వు అలా రాదు. అలాంటివారిని టేపుతో కొలవడం కాదు, వైద్యుడికి చూపించాలి.

మొదటిది మంచి ప్రశ్న. 90, 80 ఎత్తును పట్టించుకోవు. అందుకే నడుము ఎత్తులో సగం దాటకూడదన్న కొలబద్ద ఒకటుంది. 2022లో బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ దానినే పెద్దలకు సూచించింది, అన్ని జాతులకూ ఒకే సగం. మీ 155కి సగం 77.5. మీరు 88. మాస్టారి 168కి సగం 84. ఆయన 92. మాస్టారి ఆవిడ గారి 152కి సగం 76. ఆమె 84. ముగ్గురూ దాటారు. ఆరడుగుల మనిషికి సగం 90 దాటుతుంది, పొట్టివారికి 90 మరీ ఉదారం. మన జిల్లాల్లో పొట్టివారు తక్కువేమీ కాదు.

---

గంటస్తంభం

అయితే ఈ 90 ఎక్కడిది? ఎత్తు చూడరు, గ్లాస్గోలో పుట్టలేదు, మనవాళ్లే పెట్టారంటున్నారు. మద్రాసులో ఎవరో 87 అన్నారని మా బంధువు ఒకాయన చెబుతాడు.

---

తూనికరాయి

మీ బంధువు చెప్పింది నిజం. 2003లో చెన్నైలో స్నేహలత బృందం మన దేశ నగరాల వయోజనుల్లో మధుమేహం ముప్పు ఎక్కడ పెరుగుతోందో చూసి మగవారికి 85, ఆడవారికి 80 అంది. 2007లో వి. మోహన్ బృందం చెన్నైలోనే చూసి 87, 82 అంది. ఇద్దరూ జాగ్రత్తగా చేసినవారే. పత్రానికీ పత్రానికీ గీత కాస్త జరుగుతుంది. ఎందుకంటే శరీరంలో ఎక్కడా 89 దాకా పచ్చదీపం, 90 నుంచి ఎర్రదీపం అని ఉండదు. ముప్పు నెమ్మదిగా పెరుగుతూ పోతుంది, ఎక్కడో ఒక చోట గీత గీయాలి. ఆరోగ్యవంతులను ఎక్కువ మందిని అనవసరంగా పట్టుకోకూడదనుకుంటే గీతను పైకి జరుపుతారు, ఒక్క రోగిని కూడా వదలకూడదనుకుంటే కిందికి. 90 అలా కుదిరిన అంకె. ఆడవాళ్ల 80 మాత్రం పత్రాలన్నిటిలోనూ దానికి దగ్గరే తిరుగుతోంది. మగవాళ్ల 90 కాస్త పైన ఉందని నాకు అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, మార్గదర్శకం కాదు.

---

నాగావళి ఒడ్డు

జపాన్‌లో ఆడవాళ్ల అంకె మగవాళ్ల కన్నా ఎక్కువని ఎక్కడో చదివాను. 85, 90. అచ్చుతప్పా?

---

తూనికరాయి

అచ్చుతప్పు కాదు. వాళ్లు స్కానింగులో పేగుల చుట్టూ కొవ్వు వంద చదరపు సెంటీమీటర్లు చేరే నడుము ఎంతో చూశారు, అదీ బొడ్డు దగ్గర కొలిచి. ఆడవాళ్లకు చర్మం కింద కొవ్వు ఎక్కువ కాబట్టి అంత లోపలి కొవ్వు చేరేసరికి నడుము పెద్దదవుతుంది. దాని మీద వాళ్ల దేశంలోనే చాలా గొడవ జరిగింది. మనకు అనవసరం. ఒక్కటి గుర్తుంచుకో, వేరే చోట కొలిచిన అంకెను తెచ్చి వేరే గీత పక్కన పెట్టకూడదు.

---

కోటవీధి మాస్టారు

ఆ చివరి మాట నన్ను తట్టింది. ఈ రోజు పొద్దున్నే, పరగడుపున, మా ఇంటి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సమ్మను బతిమాలుకుని ఇద్దరం మళ్లీ కొలిపించుకున్నాం. ఆమె ముందు నా పక్కటెముక వెతికింది. చక్కిలిగింత పెట్టి నవ్వు తెప్పించింది. తరువాత తుంటి ఎముక వెతికింది. రెండిటి మధ్యన పెన్నుతో చుక్క పెట్టి టేపు చుట్టింది. సాగని టేపు, టైలరు గారూ, అడిగి మరీ చూశాను. మొదట 91, రెండోసారి 90.5. ఒక సెంటీమీటరు లోపే కాబట్టి సగటు చాలంది. 90.75. పరీక్షా కేంద్రంలో కుర్రాడు బొడ్డు మీదే చుట్టాడని ఇప్పుడు గుర్తొస్తోంది, అది కూడా బనియను పైన.

మా ఆవిడకు ఇంకా తేడా వచ్చింది. అక్కడ చీర మీద 84. ఇక్కడ 80.5, 81. నాడా గీతకు పైన పెట్టారు. ఆమె ఇప్పుడు మూడున్నర తగ్గానని నాకు చెబుతూ ఉప్మాలో జీడిపప్పు వేసింది.

నేను 90 దాటాను, ముప్పాతిక సెంటీమీటరుతో. ఏఎన్ఎం గారి ఫారంలో నాకు ఒక మార్కు పడుతుందా, సున్నానా?

---

ఏఎన్ఎం

మాస్టారూ, మా ఫారంలో ముప్పాతికలు రాయడానికి గడి లేదు. నేనైతే 91 రాస్తాను. వయసుకు మీకు ఎలాగూ నాలుగు మార్కులున్నాయి, ఇది కలిస్తే ఐదు. గురువారం బీపీ మళ్లీ చూపించుకోవడానికి రండి, టీ తాగకుండా.